సంతకానికి ముందు చివరి పేజీ: లోన్ కాగితాలు ఎట్లా చదవాల

(తిరుపతి కొర్లగుంటలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆదివారం మీటింగులో, బ్యాంకులో లోన్ సెక్షన్ చూసి రిటైర్ అయిన ఒకాయన మాట్లాడింది. ఫోన్లో రికార్డు చేసి, మాట మార్చకుండా రాసింది.)

మైకు వినిపిస్తా ఉండాదా వెనకాల? సరే. కుర్చీలు చాలకపోతే ఆ మెట్లమీద కూర్చోండప్పా, ఏం పర్లేదు. సెక్రెటరీ గారు లోన్ల గురించి మాట్లాడమన్నారు, గంటసేపట్లో అన్నిరకాల లోన్లూ చెప్పడం నా వల్ల కాదు, అందుకని ఒకే ఒక లోను, ఒకే ఒక మనిషి కాగితం తీసుకుని చెప్తా, మీ కాగితం మీరు దానికి పెట్టి చూసుకోండి.

మా చుట్టాల్లో ఒక పిల్లోడు, బస్టాండ్ దగ్గర లాడ్జిలో అకౌంట్స్ చూస్తాడు. బిడ్డ కాలేజీ ఫీజుకని 2024 దీపావళి అయినాక 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నాడు. 14 శాతం వడ్డీ, ఫిక్స్‌డ్, 4 ఏళ్ళు, నెలకు 13,663 ఈఎంఐ. నాకు ఒక మాట చెప్పలేదు, తీసుకున్నాక వచ్చి చెప్పినాడు, అదీ ఎందుకంటే అకౌంట్లో పడింది 4,70,000 మాత్రమే. మామా, 30 వేలు యాడికి పోయింది అని. నేనన్నా, యాడికీ పోలేదు నాయనా, నువ్వే సంతకం పెట్టి ఇచ్చినావు, కాగితాలు తే అని.

తెచ్చినాడు, 32 పేజీలు. చూడండి, ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఏమంటే మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతారు. మొదటి పేజీలో ఏముంటాది? బారోవర్ అంటే ఎవరు, లెండర్ అంటే ఎవరు, బిజినెస్ డే అంటే ఏమి. మూడో పేజీకి కళ్ళు మూతపడతాయి, ఇంక ఆ సేల్స్ పిల్లోడు ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకాలు గీకేసి ఇచ్చేస్తాం. నేను ముప్పై ఏళ్ళు అటుపక్క కూర్చున్నోణ్ణి, నాకు తెలుసు, నా ముందరే ఎన్ని వేలమంది అట్లా పెట్టినారో. అగ్రిమెంటును వెనకనుంచి చదవాల. అసలు లెక్కలన్నీ చివర్లో షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటాది, అందులో ఉంటాయి. ముందర ఇరవై పేజీల్లో ప్రతిచోటా 'షెడ్యూల్‌లో చెప్పిన ప్రకారం' అని మాత్రమే ఉంటాది. అంటే ముందర పేజీలు అచ్చేసినవి, అందరికీ ఒకటే. మీ గురించి రాసింది ఆ షెడ్యూల్ ఒక్కటే. అది ఖాళీగా ఉంటే, తర్వాత ఫిల్ చేస్తాం సార్ అంటే, గమ్మున లేచి వచ్చేయండి.

రెండో కాగితం ఇంకొకటి ఉండాది. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు, కేఎఫ్ఎస్. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇచ్చింది, 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన రిటైల్ లోన్లు, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లు అన్నిటికీ ఇది ఇచ్చి తీరాల, అదీ మీకు అర్థమయ్యే భాషలో. తెలుగులో ఇమ్మని అడగొచ్చు, అడిగితే మొహం అదోరకంగా పెడతారు, పెట్టనీ. ఇది ఇచ్చినాక మీకు కనీసం 3 వర్కింగ్ డేస్ టైమ్ ఉంటాది, ఆ లోపల మీరు సరే అంటే వాళ్ళు అవే షరతులకు కట్టుబడాల. వారంరోజుల లోపు తీరిపోయే చిన్న లోన్లకైతే ఒక్కరోజే. కాబట్టి 'ఈరోజే సంతకం పెట్టాల సార్, రేపు రేటు మారిపోతాది' అని ఎవరన్నా అంటే ఆ మాట అబద్ధం అని మీకు తెలిసిపోతాది. ఇంకో పెద్ద మాట, కేఎఫ్ఎస్‌లో రాయని చార్జీ ఏదీ మీరు ప్రత్యేకంగా ఒప్పుకోకుండా తర్వాత వేసేదానికి లేదు. అందుకే ఆ కాగితం పారేయొద్దు, ఇంట్లో పట్టా పాసుపుస్తకం పెట్టేచోట పెట్టండి.

సరే, మావోడి కేఎఫ్ఎస్ తీస్తే 30 వేలు అక్కడే ఉండాది, రెండు లైన్లలో. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, అంటే 10 వేలు, దానిమీద జీఎస్టీ 18 శాతం 1,800. మొత్తం 11,800. రెండోది, ఇన్సూరెన్స్ ప్రీమియం 18,200. కూడితే 30 వేలు, సరిగ్గా.

ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. ఆయప్ప వడ్డీ ఎంత అని అడిగితే 14 శాతం అంటాడు. ఈఎంఐ లెక్కేసింది 5 లక్షలమీద, కానీ చేతికొచ్చింది 4,70,000. మీరు నాకు 100 రూపాయలు అప్పిస్తా అని చెప్పి 94 చేతిలో పెట్టి 100కి వడ్డీ గుంజితే ఎట్లుంటాది, అదే ఇది. చేతికొచ్చిన 4,70,000కి, 48 నెలలు 13,663 కట్టేదానికి లెక్కేస్తే వడ్డీ 17.4 శాతం పడుతుంది. ఈ అంకె కూడా కేఎఫ్ఎస్‌లోనే ఉంటాది, ఏపీఆర్ అని. మా చిన్నప్పుడు ఇట్లాంటి లెక్క వడ్డీవ్యాపారి చేస్తే తిట్టేవాళ్ళం, మొదటినెల వడ్డీ పట్టుకుని ఇస్తాడు అని. ఇప్పుడు అదే కంప్యూటర్ చేస్తుంది, మనం థాంక్యూ సార్ అంటా ఉండాం. (నవ్వులు)

ఈ 17.4లో దేని వాటా ఎంత అని కూడా చూసినా నేను, ఊరికే ఉండలేక. ఇన్సూరెన్స్ లేకుండా ఫీజు ఒక్కటే ఉండి ఉంటే 15.3 అయ్యేది. అంటే ఫీజు వల్ల 1.3 పెరిగింది, ఇన్సూరెన్స్ వల్ల ఇంకో 2.1. మనమేమో ప్రాసెసింగ్ ఫీజు తగ్గించండి సార్ తగ్గించండి అని అరగంట బేరం ఆడతాం, దానికంటే పెద్దది పక్కన గమ్మున కూర్చోనుండాది.

రెండు బ్యాంకుల్ని పోల్చేటప్పుడు కూడా అంతే, వడ్డీ రేటు పక్కన పెట్టండి, ఏపీఆర్ చూడండి. 13 శాతం అని బోర్డు పెట్టినోడిది 18 ఉండొచ్చు, 14 అని చెప్పినోడిది 15 ఉండొచ్చు. ఒకటే జాగ్రత్త, ఏపీఆర్‌లో లేట్ ఫీజులు, చెక్ బౌన్స్, ముందుగా కట్టేస్తే వేసే చార్జీలు కలవవు, ఎందుకంటే అవి జరిగితేనే పడేవి. వాటికి కేఎఫ్ఎస్‌లో వేరే గడులు ఉంటాయి.

ప్రాసెసింగ్ ఫీజు గురించి ఇంక ఎక్కువ చెప్పను. లోన్ శాంక్షన్ కాకపోతే వెనక్కి ఇస్తారా లేదా, శాంక్షన్ అయినాక మీరే వద్దనుకుంటే ఎంత కోస్తారు, ఈ రెండూ అప్లికేషన్ ఫామ్‌లోనే చిన్న అక్షరాల్లో ఉంటాయి. అప్లికేషన్‌తోపాటే ముందుగా కొంత లాగిన్ ఫీజు అని తీసుకుంటే రసీదు తీసుకోండి, దానిమీద 'ప్రాసెసింగ్ ఫీజులో సర్దుబాటు' అని ఉండాల. లేకుంటే తర్వాత అది వేరే ఇది వేరే అంటారు.

ఇన్సూరెన్స్ దగ్గర నాకు కొంచెం కోపం, క్షమించండి. నేను పనిచేసే రోజుల్లో కూడా పైనుంచి టార్గెట్ ఉండేది, నేనూ అమ్మినా, చెప్పకపోతే పాపం. అప్పుకు ఇన్సూరెన్స్ చెడ్డదని నేను అనడంలేదు. ఇంటాయన పోతే ఇంట్లో వాళ్ళమీద 20 లక్షల అప్పు పడకుండా ఉండేదానికి అది పనికొస్తుంది. నా గొడవ అంతా అది పెట్టే పద్ధతితో.

మొదటిది, అది తప్పనిసరి అని చెప్తారు. ఇల్లు తాకట్టు పెట్టినప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ ఉండాలని బ్యాంకు అడగొచ్చు, అది వేరే సంగతి, అదికూడా మీకు నచ్చిన కంపెనీలో తీసుకుని చూపించొచ్చు. కానీ లోన్ కావాలంటే మా కంపెనీ లైఫ్ పాలసీనే తీసుకోవాల అని బలవంతం చేసేదానికి లేదు. ఒక చిన్న ఉపాయం చెప్తా. 'ఇన్సూరెన్స్ తప్పనిసరి, లేకుంటే లోన్ ఇవ్వం అని మెయిల్ పెట్టండి సార్, నేను ఇంట్లో చూపించాల' అని అడగండి. నేను చూసినంతలో ఆ మెయిల్ ఒక్కటీ రాలేదు. రెండోరోజు ఫోన్ చేసి ఇన్సూరెన్స్ తీసేశాం సార్ అంటారు.

రెండోది, డబ్బు తీసుకునే పద్ధతి. మావోడికి 18,200 అప్పులోనే పట్టుకున్నారు. అంటే ఆ 18,200 కూడా 14 శాతం వడ్డీకి 4 ఏళ్ళు కడుతున్నాడు, మొత్తం లెక్కేస్తే 23,870 అవుతుంది. కొందరు ఇట్లా చేతికొచ్చేదాంట్లో కోస్తారు, కొందరు అప్పుమీద కలిపి 5,18,200 లోన్ అని రాసేస్తారు. రెండోరకంలో అకౌంట్లో 5 లక్షలు నిండుగా పడతాది కాబట్టి మనకు అనుమానమే రాదు, ఈఎంఐ మాత్రం నాలుగైదువందలు ఎక్కువ ఉంటాది. అందుకని శాంక్షన్ లెటర్‌లో లోన్ అమౌంట్ అడిగినంతే ఉండాదా, ఎక్కువ ఉండాదా, అది చూడండి.

మూడోది అసలైంది. ఆ పాలసీ సర్టిఫికెట్ ఎవరన్నా తెరిచి చూస్తారా? మావోడి మెయిల్‌లో ఏడాదిన్నరగా చదవకుండా పడుండాది. తెరిస్తే ఏముండాది, కవర్ తగ్గుతా పోయే రకం, అంటే అప్పు తగ్గేకొద్దీ ఇచ్చేది తగ్గుతాది. చివరి ఏడాదిలో ఆయప్పకు ఏమన్నా అయితే వచ్చేది మహా అయితే లక్షన్నర చిల్లర. సరే అది అప్పుకు కట్టిందే కాబట్టి తప్పేం కాదు, కానీ 5 లక్షల పాలసీ ఉండాది అనుకుని ఇంట్లో ధైర్యంగా ఉండారు చూడండి, అది తప్పు. ఇంకొకటి, ఆ సంతకాల కట్టలో ఒక కాగితం ఉంటాది, నాకు బీపీ లేదు, షుగర్ లేదు, ఆపరేషన్ కాలేదు అని. హెల్త్ డిక్లరేషన్. సేల్స్ పిల్లోడు అన్నిటికీ నో అని టిక్ పెట్టేసి తెస్తాడు. మావోడికి ఆరేళ్ళుగా షుగర్ మాత్రలు! రేపు క్లెయిమ్ వస్తే కంపెనీవాళ్ళు ఆస్పత్రి కాగితాలు తీసి, మీరు దాచిపెట్టినారు అంటారు, అప్పుడు ఆ సేల్స్ పిల్లోడు యాడుంటాడో. మీరు ఏ కాగితం చదవకపోయినా ఈ ఒక్కటి మాత్రం మీ చేత్తో మీరే నింపండి.

(సభలో ఒకరు: సార్, తీసుకున్నాక వద్దంటే డబ్బు ఇస్తారా?)

ఇస్తారమ్మా, ఫ్రీ లుక్ అంటారు. పాలసీ కాగితం చేతికొచ్చినప్పటినుంచి 30 రోజులు. ఆ లోపల రాసిస్తే, ఉన్నన్ని రోజుల కవర్‌కీ, స్టాంపుకీ, మెడికల్ చేసుంటే దానికీ కోసుకుని మిగతాది వెనక్కి ఇవ్వాల. సర్టిఫికెట్ మీదే ఆ సంగతి రాసుంటాది, అది చూసి రాయండి. మెయిల్‌లో వచ్చినా వచ్చినట్టే లెక్క, అందుకే మెయిల్ తెరవండి అంటా ఉండా. 30 రోజులు దాటిపోతే, లోన్ ముందుగా మూసేటప్పుడు ఇంకొక అవకాశం ఉండాది. లోన్ మూసినంతమాత్రాన పాలసీ దానంతటదే మూసుకోదు, మిగిలిన కాలానికి సరెండర్ కింద కొంత వస్తుంది, కానీ అడగాల. ఎంత అనేది పాలసీలో ఫార్ములా ఉంటాది, కట్టిందాంట్లో చాలా తక్కువే వస్తుంది, ఐనా అడగండి.

ఇంక ముందుగా కట్టేసే సంగతి. ఏడాదిన్నర అయినాక మావోడికి వేరే బ్యాంకునుంచి ఫోన్, సార్ మీకు 11 శాతానికి ఇస్తాం, మా దగ్గరికి మార్చుకోండి అని. 14 నుంచి 11 అంటే ఎవరికైనా ఆశ పుడతాది కదా. ఈసారి నా దగ్గరికి వచ్చినాడు, మంచిపని చేసినాడు. అప్పటికి 18 ఈఎంఐలు కట్టినాడు, ఇంక బాకీ 3,44,000 చిల్లర. షెడ్యూల్ తీస్తే, ముందుగా మూసేస్తే బాకీమీద 4 శాతం, ప్లస్ జీఎస్టీ. 13,767, దానిమీద పన్ను 2,478, మొత్తం 16,245 కట్టాల.

ఇప్పుడు కూర్చుని లెక్కేసినాం. ఇక్కడే ఉండి మిగతా 30 నెలలు కడితే ఇంక కట్టే వడ్డీ 65,700 దాకా. 11 శాతానికి మారితే అదే 30 నెలల్లో వడ్డీ 51 వేలు. మిగిలేది 14,700. మూసేదానికి కట్టాల్సింది 16,245. అంటే మారితే 1,500 నష్టం, ఇంక కొత్తోడి ప్రాసెసింగ్ ఫీజు కలపనే లేదు, కొత్తోడు ఇంకొక ఇన్సూరెన్స్ అంటగడతాడు, అదీ కలపలేదు. ఫోన్ చేసిన అమ్మాయికి ఇది తెలియదని కాదు.

అదే సొంత డబ్బు పెట్టి మూసేస్తే వేరే కథ, 65,700 వడ్డీ తప్పుతాది, 16,245 పోతాది, 49 వేలు మిగులుతాది. అప్పుడు పెనాల్టీ కట్టినా లాభమే. పెనాల్టీ ఉండాదని భయపడి డబ్బు పెట్టుకుని కూడా కట్టకుండా ఉండేవాళ్ళున్నారు, అదీ తప్పే. మావోడు చీటీ ఎత్తి కట్టేద్దామా అన్నాడు, చీటీ ఎంత తోసి పాడుకోవాల్సొస్తుందో అది కూడా ఖర్చే కదా, అది లెక్కలో వేసుకోమన్నా.

ఈ 4 శాతం అందరికీ ఉంటాదా అంటే ఉండదు, ఇది ఫిక్స్‌డ్ రేటు లోన్ కాబట్టి. ఫ్లోటింగ్ అంటే మధ్యలో మారే రేటు, దానిమీద మనిషి పేరున, వ్యాపారానికి కాకుండా తీసుకున్న లోన్లకు, హోమ్ లోన్ అనుకోండి, ముందుగా కట్టినా పెనాల్టీ వేయకూడదు. 2025 జులైలో రిజర్వ్ బ్యాంకు కొత్త ఆదేశాలు ఇచ్చింది, 2026 జనవరి 1 నుంచి మంజూరైనవాటికీ రెన్యూవల్ అయినవాటికీ వర్తిస్తాయి. వాటిప్రకారం మనిషి పేరున గానీ, చిన్న పరిశ్రమ, చిన్న షాపు పేరున గానీ వ్యాపారానికి తీసుకున్న ఫ్లోటింగ్ లోన్లకు కూడా పెద్ద బ్యాంకులు వేయకూడదు. గ్రామీణ బ్యాంకులు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులైతే 50 లక్షల వరకూ వేయకూడదు. గాంధీ రోడ్డులో షాపులున్నోళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. డబ్బు యాడనుంచి తెచ్చినావు, వేరే బ్యాంకుకు పోతా ఉండావా అని అడిగి దాన్నిబట్టి చార్జీ వేసేదానికీ లేదు, ఇన్ని నెలలు ఆగాల్సిందే అనేదానికీ లేదు.

ఇక్కడ ఒక మెలిక. మొదటి 3 ఏళ్ళు ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగ్ అని హోమ్ లోన్లు వస్తా ఉండాయి. వాటికి మీరు కట్టే రోజున అది ఏ రేటులో ఉండాది అనేదే లెక్క. రెండో ఏడాదిలో కడితే చార్జీ పడొచ్చు, నాలుగో ఏడాదిలో కడితే పడదు. కాబట్టి షెడ్యూల్‌లో రేటు టైపు అనే గడి చూడండి.

ఫిక్స్‌డ్‌లోనైతే కేఎఫ్ఎస్‌లో రాసుంటేనే వేయాల, కొత్త ఆదేశాలప్రకారం మీరు కడుతున్న మొత్తంమీదే వేయాల, మొదట తీసుకున్న మొత్తంమీద కాదు. కొంత ముందుగా కట్టే పార్ట్ పేమెంట్ గడి వేరే ఉంటాది, మొత్తం మూసేసే ఫోర్‌క్లోజర్ గడి వేరే, రెండూ చదవండి. మావోడి దాంట్లో 12 ఈఎంఐలు అయ్యేదాకా పార్ట్ పేమెంట్ లేదు, తర్వాత ఏడాదికొకసారి బాకీలో పావువంతు వరకూ చార్జీ లేదు. చూడండి, అది వాడుకుంటే నాలుగోవంతు డబ్బుకు పెనాల్టీయే తప్పిపోతాది! ఏడాదిన్నర చేతిలోనే ఉండాది ఆ కాగితం.

(సభలో ఒకరు: ఫోన్ యాప్‌లో తీసుకుంటే కాగితాలే ఉండవు కదన్నా?)

ఉంటాయి తమ్ముడూ, ఓటీపీ కొట్టే ముందు కిందికి జరిపే ఆ పేజీయే అగ్రిమెంటు, ఓటీపీయే సంతకం. ఇన్సూరెన్స్ పక్కన టిక్ ముందే పెట్టి ఉంటాది, దాన్ని తీసేయాల. కేఎఫ్ఎస్ డౌన్‌లోడ్ చేసుకోవాల. డిజిటల్ లోన్లకు కూలింగ్ ఆఫ్ అని కనీసం ఒకరోజు ఉంటాది, ఆ లోపల అసలు, ఆ రోజులకు పడిన వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం ముందే చెప్పుంటే పట్టుకోవచ్చు.

కేఎఫ్ఎస్‌లో లేనిది వేసినారనుకోండి, ఫోన్లో గొడవపడొద్దు, రాతపూర్వకంగా బ్యాంకుకు ఫిర్యాదు ఇయ్యండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టొచ్చు, ఫీజు లేదు. కానీ నా 30 వేలు తిన్నారు అని రాస్తే పని జరగదు, కేఎఫ్ఎస్‌లో ఫలానా లైన్, స్టేట్‌మెంట్‌లో ఫలానా తారీకు అని రెండూ జతచేయాల. మావోడికైతే ఆ దారి లేదు, అన్నీ రాసే ఉండాయి, అన్నిటికీ సంతకం ఉండాది.

(ఒకాయన ఒక కవరు తెచ్చి ఇచ్చారు.)

ఏమి సార్, మీదా? రేపు సంతకమా? ఇట్లా ఇయ్యండి, కళ్ళజోడు... ఆ. షెడ్యూల్ 19వ పేజీ. ఫీజు 1.5 శాతం, ప్లస్ ట్యాక్స్, సరే. ఫోర్‌క్లోజర్, 'యాజ్ అప్లికబుల్' అని ఉండాది, ఇది ఎంతో అంకె వేయించుకోండి, ఇట్లా వదలకూడదు. ఇన్సూరెన్స్, యెస్ అని టైపు కొట్టేసి ఉండాది, మీరు అడిగినారా? అడగలేదు కదా. ఇంక ఇది హెల్త్ డిక్లరేషన్... సార్, దీనికి మీరు సంతకం పెట్టేసినారే! టిక్కులేమో ఇంకా ఖాళీగా ఉండాయి. పెన్ను ఉందా ఎవరిదగ్గరైనా? కూర్చోండి సార్, ముందు ఇది నింపుదాం. బైపాస్ ఏ ఏడాది అయింది మీకు?